సొంత వీఎంసీ కొనాలా, ఉద్యోగంలోనే ఉండాలా? ఉగాదిలోపు చెప్పమంటున్నారు

మదనపల్లె_మిల్లర్ · జనవరి 5

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె పక్కన పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఒకే కంపెనీలో చేస్తున్నా. ఆపరేటర్‌గా చేరా, ఇప్పుడు ప్రోగ్రామింగ్, సెట్టింగ్ రెండూ నావే. చేతికి 46,000 వస్తుంది. లగ్గెరెలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఇంటికి నెలకు 40,000 అయిపోతుంది.

మా కంపెనీకి రెండు వీధుల అవతల ఒకాయనకు చిన్న షెడ్డు ఉంది. వయసైపోయింది, ఊరెళ్లిపోతా, మెషీన్ నువ్వే తీసుకో అంటున్నాడు. పాత వీఎంసీ, అంటే ప్రోగ్రామ్ ప్రకారం లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషీన్. ఫానుక్ కంట్రోలర్, టూల్‌ని తిప్పే స్పిండిల్ బీటీ-40. 9.5 లక్షలు చెప్తున్నాడు. 50,000 టోకెన్ ఇస్తే ఉగాది దాకా ఇంకెవరికీ చూపించడట. కొనకపోతే మాత్రం టోకెన్ పోయినట్టే. నా దగ్గర చీటీ పాడుకున్న 5 లక్షలున్నాయి.

ఆర్డర్లు వస్తాయో రావో తెలీదు. డబ్బులు టైముకి ఇస్తారో లేదో తెలీదు. ఉద్యోగం వదిలితే మళ్లీ ఈ జీతానికి ఎవరైనా తీసుకుంటారో లేదో కూడా తెలీదు. పది రోజులుగా నిద్ర లేదు. కొనాలా వద్దా, ఒక్క మాట చెప్పండి.

వైట్‌ఫీల్డ్_వాసు · జనవరి 5

అన్నా, టైటిల్ చూసి విజయవాడ మున్సిపల్ కార్పొరేషన్‌ని కొనడమేంటి అనుకున్నా. మాది బెజవాడ, మాకు వీఎంసీ అంటే అదే. సారీ. చదివాక అర్థమైంది.

నాకు మెషీన్లు తెలీవు గానీ ఈ నిద్ర పట్టకపోవడం తెలుసు. నేను సాఫ్ట్‌వేర్. స్నేహితుడితో కలిసి మారతహళ్లిలో కర్రీ పాయింట్ పెడదామని ఆఫీసులో మూడు నెలలు జీతం లేని సెలవు తీసుకున్నా. "మూడు నెలలు చూద్దాం, బాగుంటే సరే, లేకపోతే వెనక్కి" అనుకున్నాం. మూడో నెల ఆఖరుకి సరిగ్గా దసరా వచ్చింది, జనాలంతా ఊళ్లకి వెళ్లారు. ఈ నెల లెక్కలోకి రాదన్నాడు మావాడు. తర్వాతి నెల వానలు. ఆ తర్వాత వంటమనిషి మానేశాడు, కొత్తాయన కుదురుకోవాలిగా అన్నాం. అలా ఏడు నెలలు నడిపి మూసేశాం. సెలవు పొడిగించరు కాబట్టి మధ్యలో రాజీనామా కూడా చేశా. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నా, అప్పటికంటే తక్కువ జీతానికి.

నువ్వు వద్దనుకోవాలని ఇది చెప్పడం లేదు. మా దగ్గర తేదీ ఉంది, కానీ ఆ తేదీన ఏం చూడాలో రాసుకోలేదు. రోజుకి ఎన్ని పార్శిళ్లు అమ్మితే బాగున్నట్టో ఆ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మేమిద్దరం ఒక అంకె అనుకోలేదు.

నెల్లూరు_నాగ · జనవరి 5

ఇన్ని లెక్కలు వేస్తే పెళ్లి కూడా చేసుకోలేవు తమ్ముడూ. నేను 2017లో ఉన్నదంతా పెట్టి మెషీన్ దించా. మొదటి ఏడాది నరకం, ఇప్పుడు బ్రహ్మాండం. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం ఆదివారం వ్యాపారం చేస్తానంటే కస్టమర్ నవ్వుతాడు. పర్చేజ్ వాడు అడిగే మొదటి మాట "ఎన్ని మెషీన్లున్నాయి" అనే. సొంతది లేదంటే ఫైలు మూసేస్తాడు.

జీఎస్టీ_గిరి · జనవరి 6

డబ్బులు రావనే భయం ఇప్పుడు అక్కర్లేదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో కట్టాలని చట్టం వచ్చింది, కట్టకపోతే పెద్ద కంపెనీకే దెబ్బ. మీరు చేయాల్సిందల్లా మొదటి రోజే జీఎస్టీ తీసుకోవడం. అది లేకుండా బిల్లు వేయడం నేరం.

అంబత్తూరు_లక్ష్మి · జనవరి 6

గిరి గారూ, అందులో సగమే నిజం. నేను చెన్నై అంబత్తూరులో రెండు చిన్న యూనిట్లకు అకౌంట్స్ చూస్తాను.

కస్టమర్ మెటీరియల్ మీద చేసే జాబ్ వర్క్‌ని సేవ కింద లెక్కేస్తారు. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాదు, సొంత పేరు మీద పాన్‌తో మామూలు బిల్లు ఇవ్వొచ్చు. కొందరు కస్టమర్లు జీఎస్టీ ఉన్నవాళ్లే కావాలంటారు, అది వాళ్లిష్టం.

ఇక 45 రోజుల సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్‌కి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. గడువు దాటితే కొన్నవాళ్లు ఆ ఖర్చును ఆదాయపన్ను లెక్కలో ఆ ఏడాది చూపించుకోలేరు, ఎప్పుడు కడితే అప్పుడే. అందుకే మార్చి ఆఖరులో ఫోన్లు చేస్తే డబ్బులు కదులుతాయి. జూన్‌లో ఆ భయం ఎవరికీ ఉండదు. పన్ను సంగతి పట్టించుకోని చిన్న పార్టీలైతే మార్చిలో కూడా కదలరు. వడ్డీ అడిగే హక్కుంది నిజమే. అడిగినవాడికి మళ్లీ ఆర్డర్ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. చట్టాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకండి.

కామాక్షిపాళ్య_బాషా · జనవరి 6

తమ్ముడూ, మాది హిందూపురం. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ షెడ్డు నడుపుతున్నా, మూడు మెషీన్లున్నాయి. ఒకప్పుడు ఐదుండేవి. ఆ రెండూ ఎందుకు పోయాయో ఇంకోసారి చెప్తా.

కొనాలా వద్దా అని అడిగావు. నీకూ నాకూ ఇప్పుడది తెలిసే దారి లేదు. ముందు ఒక లెక్క చూడు. 3 లక్షలు నువ్వు పెట్టి 6.5 లక్షలు లోను తీసుకుంటే, 13 శాతం వడ్డీకి ఐదేళ్లలో కట్టాలంటే నెలకు 14,800 దాకా ఈఎంఐ. షెడ్డు 18,000 అనుకో. ఒక హెల్పర్‌కి 15,000. కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ, చిల్లర మల్లర 4,200. ఇదే 52,000. ఇంటికి 40,000 కలిపితే 92,000. టూల్స్, తిరిగిన కరెంటు పోగా గంటకు 500 నిలుస్తాయనుకుంటే నెలకు 184 గంటలు బిల్లు కావాలి. ఒక షిఫ్టులో నెలకున్నవే 208 గంటలు. సెట్టింగూ, కరెంటు పోవడమూ, థ్రెడ్ కోసే ట్యాప్ విరగడమూ, కస్టమర్ డ్రాయింగ్ మార్చడమూ అన్నీ ఆ మిగిలిన 24 గంటల్లోనే ఇమడాలి.

ఇంకోటి. నీ 5 లక్షల్లో 3 మెషీన్‌కి పోతాయి, షెడ్డు అడ్వాన్స్ పది నెలలంటే 1.8 లక్షలు. చేతిలో 20,000 మిగులుతుంది. మొదటి బిల్లు డబ్బు రెండు నెలలకు గానీ రాదు. అప్పటిదాకా ఇల్లు ఎలా గడుస్తుంది?

వద్దనడం లేదు. నీకు తెలియనివి చాలా ఉన్నాయి గానీ వాటిలో రెండే నిన్ను ముంచేవి: గంటకు నిజంగా ఎంత నిలుస్తుంది, ఒకసారి ఇచ్చినవాడు మళ్లీ ఇస్తాడా. ఈ రెండూ మెషీన్ కొనకుండానే తెలుసుకోవచ్చు. ఆ ముసలాయన మెషీన్ ఆదివారాలు ఖాళీయే కదా. గంటకు అద్దె మాట్లాడు. ఒకే ఒక్క చిన్న ఆర్డర్ పట్టు, నీ చేత్తో పూర్తిగా చెయ్యి, బిల్లు నువ్వే వెయ్యి, డబ్బు కోసం నువ్వే తిరుగు.

టోకెన్ మాత్రం వాళ్లు చెప్పినట్టు ఇవ్వొద్దు. 50,000 కాదు, 20,000 అను. కాగితం మీద రెండు లైన్లు రాయించు. ఒకటి, నువ్వు కొనకపోతే ఆ 20,000 మెషీన్ అద్దె గంటల కింద చెల్లు. రెండోది, ఈలోపు ఆయన వేరేవాళ్లకు అమ్మితే వాడుకోని గంటల డబ్బు వెనక్కి. ఇలా ఉంటే టోకెన్ ఎటు పోయినా నీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. రెండో లైను మర్చిపోకు, అందరూ దాన్నే మర్చిపోతారు.

మదనపల్లె_మిల్లర్ · జనవరి 6

బాషా అన్నా, గంటకు 500 తక్కువ చెప్పారేమో. నేను సెట్ చేసే జాబులకు మా కంపెనీ కొటేషన్‌లో ఇంకా ఎక్కువే వేస్తుంది, చూశాను.

ఇంకో అనుమానం. అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయట పని చేయకూడదని ఉంది. ఆదివారం చేస్తే తప్పా?

కామాక్షిపాళ్య_బాషా · జనవరి 6

మీ కంపెనీ కొటేషన్‌లో వాళ్ల పేరుకి, క్వాలిటీ సర్టిఫికెట్‌కి, స్టోర్సుకి, నీ జీతానికి అన్నిటికీ డబ్బు ఉంటుంది. నీకు ఆ రేటు ఎవడిస్తాడు?

లెటర్ సంగతి. మీ కంపెనీ కస్టమర్‌ని ముట్టుకోకు, వాళ్ల డ్రాయింగ్ గానీ ప్రోగ్రామ్ గానీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకు. ఇందులో రాజీ లేదు. అలా చేసిన పిల్లాడొకణ్ణి నేనే తీసేశా. అది కాక ఒక్క ఆర్డర్ కోసం ఆదివారం పని అంటే, నేనైతే మేనేజర్‌కి ముందే ఒక మాట చెప్తా.

నెల్లూరు_నాగ · జనవరి 6

చెప్పాడా, అయిపోయాడు. రేపటి నుంచి ఓవర్‌టైమ్ ఉండదు, ఇంక్రిమెంట్ ఉండదు, ఎలాగూ పోయేవాడే అంటారు. చెప్పకుండా చేసుకో తమ్ముడూ.

అంబత్తూరు_లక్ష్మి · జనవరి 6

లెటర్‌లో సంతకం పెట్టింది మీరు, నాగ గారు కాదు. దొరికితే పోయేది పదకొండేళ్ల పేరు. వెనక్కి తిరగగలిగే అడుగు వేయమనే కదా బాషా గారు చెప్పింది, తిరిగి వచ్చే తలుపును ముందే కాల్చేసుకుంటే ఎలా?

హోసూరు_శారద · జనవరి 7

ఇన్ని పోస్టుల్లో మీ ఆవిడ మాట ఒక్కటీ రాలేదు. ఆమెకు తెలుసా?

మా ఆయన కూడా ఇలాగే లేత్ పెట్టారు. షెడ్డు అడ్వాన్స్ కట్టేశాక నాకు చెప్పారు. ఇప్పటికీ ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా వచ్చేది ఆ అడ్వాన్సే, లేత్ కాదు.

ఇంకో పని ఇప్పుడే చేయండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోటే పోతుంది. విడిగా కుటుంబానికి పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఇవ్వమనే షరతు ఉండొచ్చు. నాకు థైరాయిడ్ ఉంది, అది ఆలస్యంగా తెలిసొచ్చింది. ఉద్యోగంలో ఉండగానే తీసుకుంటే ఆ గడియారం ఇప్పటి నుంచే తిరుగుతుంది. మీరు చివరికి మెషీన్ కొనకపోయినా నష్టం లేదు.

మదనపల్లె_మిల్లర్ · జనవరి 12

శారద అక్కా, చెప్పాను. మొదట గొడవ, తర్వాత నా కంటే తనే గట్టిగా లెక్కలడిగింది. పాలసీకి దరఖాస్తు చేశాం.

మేనేజర్‌కీ చెప్పాను, మొత్తం కాదు. స్నేహితుడి కోసం మూడు ఆదివారాలు మెషీన్ మీద పనుంది, మన కస్టమర్లు కాదు అన్నాను. మొహం చూసి ఏమీ అర్థం కాలేదు. "సరే, సోమవారం ఫ్రెష్‌గా రా" అన్నాడు.

ముసలాయన 20,000కి ఒప్పుకున్నాడు. గంటకు 450, కరెంటు అందులోనే, టూల్స్ నావి. అంటే 44 గంటలు వస్తాయి. రెండు లైన్లూ రాయించా. రెండో లైను చదివి నావైపు అదోలా చూశాడు.

ఆర్డర్ కూడా దొరికింది. జిగణిలో న్యూమాటిక్స్ సామాను చేసే చిన్న కంపెనీ, అక్కడ మా ఊరబ్బాయి స్టోర్స్‌లో ఉన్నాడు. అల్యూమినియం బ్లాకులు 40, మెటీరియల్ వాళ్లది. పీసుకి 310. ఒక్కో పీసుకి సైకిల్ టైమ్ 22 నిమిషాలు అనుకున్నా, సెట్టింగ్ మూడు గంటలు. 17 గంటల 40 నిమిషాలు, అద్దె 7,950, టూల్స్ 1,400. మొత్తం 12,400లో నాకు 3,050 మిగలాలి.

మా ఆవిడ క్యాలెండర్ మీద మార్చి 8కి ఎర్ర స్కెచ్‌తో గుండ్రం చుట్టింది. ఆ రోజు కూర్చుని తేలుస్తాం.

కామాక్షిపాళ్య_బాషా · జనవరి 12

మార్చి 8న దేన్ని తేలుస్తారు? ఆ అంకె ఇప్పుడే రాసిపెట్టు. గుండ్రం పక్కనే రాయి. లేకపోతే వాసు గారి దసరా వచ్చినట్టు నీకు శివరాత్రి వస్తుంది.

మదనపల్లె_మిల్లర్ · జనవరి 13

రాశాం అన్నా. "ఒకటి: టూల్స్ పోగా గంటకు 500 వచ్చిందా. రెండు: జిగణి వాళ్లు నేనడక్కుండా రెండోసారి పిలిచారా. మూడు: డబ్బు బ్యాంకులో పడిందా." మూడింటికీ అవునైతే మెషీన్ వైపు. ఒకటో దానికి కాదు అంటే ఉద్యోగమే.

మదనపల్లె_మిల్లర్ · ఫిబ్రవరి 3

చేశాను. నష్టం వచ్చింది. వివరంగా రాస్తా, ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

జనవరి 18, 25, ఫిబ్రవరి 1, మూడు ఆదివారాలు. సెట్టింగ్ మూడు గంటలనుకున్నది ఐదు పట్టింది. పీసుని బిగించే వైస్ దవడలు అరిగిపోయి ఉన్నాయి, బ్లాకు బిగించగానే ఒక పక్క లేస్తోంది. మా కంపెనీలో ఇలాంటిదుంటే టూల్‌రూమ్‌కి ఫోన్ చేస్తాం, ఇక్కడ నేనే టూల్‌రూమ్. దవడలకు మెత్తటి ప్లేట్లు కట్టి అదే మెషీన్ మీద ఫేసింగ్ చేసుకున్నా.

సైకిల్ 22 అనుకున్నది 26 వచ్చింది. పాత స్పిండిల్, నేను రోజూ తిప్పే స్పీడ్‌కి పీసు పైన గీతలు పడుతుంటే తగ్గించా. పైగా పీసు తీయడం, గాలితో చిప్స్ ఊదడం, కొత్తది పెట్టడం, అంచుల్లో లేచిన బర్ తీయడం మూడు నిమిషాలు. ఇది నా లెక్కలో అసలు లేదు. కంపెనీలో హెల్పర్ చేసే పని, పదకొండేళ్లుగా నా కంటికే కనపడలేదు. పీసుకి 29 నిమిషాలు. 40 పీసులకు 19 గంటల 20 నిమిషాలు, సెట్టింగ్‌తో కలిపి 24 గంటల 20 నిమిషాలు. అద్దె 10,950. M5 ట్యాపులు రెండు విరిగాయి, టూల్స్ 1,900. కలిపి 12,850. బిల్లు 12,400. చేతి నుంచి 450 పోయింది, మూడు ఆదివారాల కూలి గాక.

టూల్స్ పోగా గంటకు 430 చిల్లర. మార్చి 8 దాకా ఆగక్కర్లేదు కదా అన్నా, ఒకటో దానికి కాదు అనే వచ్చింది.

నెల్లూరు_నాగ · ఫిబ్రవరి 3

చూశావా, మొదటి జాబ్‌లో ఎవరికైనా పోతుంది. నాకు మొదటి మూడు జాబుల్లో పోయింది. దాన్ని పట్టుకుని ఆపేస్తే ఎప్పటికీ కొనవు.

కామాక్షిపాళ్య_బాషా · ఫిబ్రవరి 3

ఈసారి నాగ గారి మాటే కాస్త సరైనది. తమ్ముడూ, తేదీ ముందుకు జరపడం ఎంత తప్పో, మొదటి దెబ్బకే తేదీ రాకుండా తేల్చేయడం కూడా అంతే. ఆ 430లో రెండు రకాల నష్టం కలిసి ఉంది, విడదీయి. వైస్ దవడలు, ఆ రెండు గంటల అదనపు సెట్టింగ్, ఒక ట్యాపు, ఇవి మళ్లీ రావు. బర్ తీసే మూడు నిమిషాలు ప్రతిసారీ ఉంటాయి. పాత స్పిండిల్ ఆ మెషీన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. రెండో జాబ్‌లో ఇవి ఎలా మారతాయో చూస్తేనే ఒకటో ప్రశ్నకు జవాబు. 450 రూపాయలకు నీ కొటేషన్‌లో పీసుకి ఏడు నిమిషాలు తక్కువ వేశావని తెలిసింది. 9.5 లక్షలు పెట్టాక తెలిసుంటే?

ఈ మెషీన్ మీద ఇంకో సంగతి. 26 నిమిషాలు పట్టింది స్పిండిల్ వల్లే అంటున్నావు, నిజమో కాదో చూసుకో. స్పిండిల్ టేపర్‌లో టెస్ట్ మాండ్రిల్ పెట్టి, ఊగడం కొలిచే డయల్ తగిలించి చేత్తో తిప్పు. ముక్కు దగ్గర ఎంత, 300 మిల్లీమీటర్ల కింద ఎంత ఊగుతుందో రాసుకో. తర్వాత స్పిండిల్‌ని అరగంట వేగంగా తిప్పి చెవి పెట్టు, ఆపి చెయ్యి పెట్టు. గరగరమన్నా, ముట్టుకోలేనంత వేడెక్కినా బేరింగులు అయిపోవచ్చినట్టే. అద్దెకు నడిపేవాడివి కాబట్టి చూసే వీలుంది, కొనడానికి వచ్చినవాడికి పది నిమిషాలు తిప్పి చూపిస్తారు అంతే.

అంబత్తూరు_లక్ష్మి · ఫిబ్రవరి 4

ఒక చిక్కు ఉంది, గమనించారా? బిల్లు ఏ తేదీన వేశారు?

మదనపల్లె_మిల్లర్ · ఫిబ్రవరి 4

ఫిబ్రవరి 2. వాళ్ల పద్ధతి 45 రోజులట.

అంబత్తూరు_లక్ష్మి · ఫిబ్రవరి 4

అంటే మార్చి 19. సరిగ్గా ఉగాది. మీరేమో డబ్బు పడిందా లేదా అని మార్చి 8న చూస్తామని రాసుకున్నారు. ఆ రోజుకి జవాబు పుట్టనే పుట్టదు. "పడలేదు" అని రాసుకుని వాళ్లను అనవసరంగా చెడ్డవాళ్లను చేస్తారు, లేదా "ఇంకా టైముంది" అనుకుని మంచివాళ్లను చేస్తారు. రెండూ ఊహలే. రెండో జాబ్ సంగతి మార్చి 8న చూడండి, డబ్బు సంగతికి మార్చి ఆఖరున ఇంకో గుండ్రం చుట్టండి.

మదనపల్లె_మిల్లర్ · ఫిబ్రవరి 4

కానీ ముసలాయన గడువు ఉగాదే కదా మేడం. అప్పటికి డబ్బు వస్తుందో రాదో తెలియకుండానే చెప్పాలి.

కామాక్షిపాళ్య_బాషా · ఫిబ్రవరి 4

అది ఆయన గడువు, ఆయన ఊరెళ్లే తొందర. నీకు తెలియాల్సింది ఆ తేదీకి తెలియకపోతే ఆ మెషీన్ నీది కాదనుకో. ఈ ఊళ్లో పాత వీఎంసీకి కరువా? బ్యాంకులు గుంజుకున్నవే పీణ్య నిండా ఉన్నాయి. పోతే దగ్గర్లో ఉండే సౌకర్యం పోతుంది, అంతే.

నెల్లూరు_నాగ · ఫిబ్రవరి 4

నేను మొదట చెప్పిన మాటకు మాత్రం ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. జిగణి వాడు 40 పీసులు ఇచ్చాడు, ఇంకో 40 ఇస్తాడు. నెలకు 184 గంటల పని ఇస్తాడా లేదా అన్నది ఆదివారాల్లో ఎప్పటికీ తేలదు. మెషీన్ ఉన్నవాడికి వచ్చే ఆర్డర్లు వేరు.

కామాక్షిపాళ్య_బాషా · ఫిబ్రవరి 5

ఒప్పుకుంటున్నా. చిన్న అడుగుతో తెలిసేది రేటు, చేతిపని, మనిషి నమ్మకం. పరిమాణం తెలీదు. "నాకు మెషీన్ ఉంటే నెలకు ఎన్ని ఇస్తారు" అని అడిగితే అందరూ పెద్ద అంకే చెప్తారు, నాకూ చెప్పారు. నా ఐదు మెషీన్లలో రెండు అందుకే పోయాయి. ఒక కస్టమర్ నోటిమాట మీద కొన్నా, మరుసటి ఏడాది వాళ్లు ఆ మోడలే ఆపేశారు. ఆ ముక్క ఎప్పటికైనా కొంత గుడ్డిగా దూకాల్సిందే. మిగతావి గుడ్డిగా దూకక్కర్లేదు అంటున్నా అంతే.

వైట్‌ఫీల్డ్_వాసు · ఫిబ్రవరి 5

నాకొకటి చెప్పండి, ఈ మాండ్రిల్ అంటే ఏంటి?

కామాక్షిపాళ్య_బాషా · ఫిబ్రవరి 5

నున్నగా సానబట్టిన ఇనప కడ్డీ అనుకోండి. అది వంకర లేదని ముందే తెలుసు కాబట్టి, తిప్పినప్పుడు ఊగితే వంకర మెషీన్‌దే. మీ కర్రీ పాయింట్‌లో అలాంటిదొకటి ఉండాల్సింది.

మదనపల్లె_మిల్లర్ · మార్చి 29

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. చాలా జరిగాయి.

మాండ్రిల్ పెట్టి చూశా. ముక్కు దగ్గర పర్వాలేదు, 300 కింద మాత్రం ముల్లు బాగా ఊగింది. అరగంట తిప్పాక చెయ్యి పెట్టలేకపోయా. ముసలాయనకు చూపించి, స్పిండిల్ బాగుచేయించే ఖర్చు ధరలో తగ్గించమన్నా. ఆయనకు కోపం వచ్చింది. ఫిబ్రవరి ఆఖరులో ఇంకెవరికో అమ్మేశాడు, వాళ్లు డయల్ తేలేదట. రెండో లైను పనికొచ్చింది అన్నా. వాడుకోని గంటలకు 9,050 రావాలి. 5,000 ఇచ్చాడు. మిగతా 4,050కి ఇవాళ రేపు అంటున్నాడు. కాగితం చూపిస్తే "నేనెక్కడికి పోతా" అంటాడు, ఆయన పోయేది సొంతూరికే కదా.

జిగణి వాళ్లు ఫిబ్రవరి 20న వాళ్లంతట వాళ్లే పిలిచారు, ఇంకో 40 బ్లాకులు. ఈసారి పీసుకి 345 అన్నా. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. మెషీన్ లేదు కాబట్టి బాషా అన్న చెప్పిన వేరే షెడ్డులో గంటకు 480కి చేశా. ఒకేసారి రెండు పీసులు పట్టే ఫిక్స్‌చర్ చేసుకుంటే బర్ తీయడంతో కలిపి పీసుకి 24 నిమిషాలకు దిగింది. సెట్టింగ్ రెండున్నర గంటలు. మొత్తం పద్దెనిమిదిన్నర గంటలు, అద్దె 8,880, టూల్స్ 1,300, బిల్లు 13,800. 3,620 మిగిలింది. టూల్స్ పోగా గంటకు 675.

మార్చి 8న కూర్చున్నాం. ఒకటికి అవును, రెండుకి అవును. మా ఆవిడ మూడో దాని పక్కన ఏమీ రాయనివ్వలేదు, లక్ష్మి మేడం చెప్పారుగా అంది. మొదటి బిల్లు డబ్బు మార్చి 27న వచ్చింది, 53 రోజులు. రెండు పీసులు రిజెక్ట్ చేసి వాటి కూలి 620, మెటీరియల్ 520 కోసి 11,260 వేశారు. అంటే మొదటి జాబ్ నష్టం 450 కాదు, 1,590.

ఉద్యోగంలోనే ఉన్నా. ఇప్పుడు క్యాలెండర్ మీద మే 17కి గుండ్రం ఉంది. పక్కన రాసింది: "జిగణి కాక ఇంకో కస్టమర్ నుంచి ఒక ఆర్డర్ డబ్బుతో సహా వచ్చిందా. చేతిలో మూడు నెలల 92,000, అంటే 2,76,000, మెషీన్ డబ్బు ముట్టకుండా విడిగా ఉందా." రెండోది రాస్తుంటే మా ఆవిడే అంది, మే 17కి అది జరిగే పని కాదని. అయినా రాసింది.

జీఎస్టీ_గిరి · మార్చి 29

53 రోజులు పట్టిందంటే వడ్డీ అడగాలి సార్, వదలొద్దు.

అంబత్తూరు_లక్ష్మి · మార్చి 29

ఉద్యమ్ లేకుండా ఏ వడ్డీ అడుగుతారు గిరి గారూ? ముందు అది తీసుకోండి మిల్లర్ గారూ, ఉచితమే. డబ్బులు అడిగే ఏజెంట్ల సైట్లలోకి వెళ్లకండి.

నెల్లూరు_నాగ · మార్చి 29

మే 17కి రెండో కస్టమర్ రాడు, ఆదివారం మనిషివి కాబట్టి. రాస్తున్నా, చూసుకో.

కామాక్షిపాళ్య_బాషా · మార్చి 30

ఆ రెండు పీసులు ఎందుకు రిజెక్ట్ అయ్యాయి? కారణం రాశారా? సైజా, గీతలా, ట్యాపింగా? అది రాయకుండా మిగతావన్నీ రాశావు.

మదనపల్లె_మిల్లర్ · మార్చి 30

ట్యాపింగ్ అన్నా. విరిగిన ట్యాపు తీశాక ఆ రెంటినే మళ్లీ కొట్టా, గేజ్ లేక స్క్రూ పెట్టి చూసి పంపేశా.

కామాక్షిపాళ్య_బాషా · మార్చి 30

M5 థ్రెడ్ గేజ్ నా దగ్గర ఒకటి అదనంగా ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు, మళ్లీ ఇవ్వాలి.